మూడు నెలలు దాటనివ్వకండి

ఆఫీసులో తనకు అవమానం జరిగితే ఆడది ముందుగా ఎవరికి చెప్పుకుంటుంది? పక్క సీట్లోని స్నేహితురాలికి. ఇంకాస్త ధైర్యం వస్తే పై అధికారికి. ఆయన "నేను మాట్లాడతాలే అమ్మా, నువ్వు పని చూసుకో" అంటాడు. ఈమె నమ్మి ఎదురుచూస్తుంది. నన్ను కలవరపెట్టేది ఈ ఎదురుచూపే. పై అధికారి చెవిన వేసినంత మాత్రాన చట్టం లెక్కలో అది ఫిర్యాదు కాదు. గడువు మాత్రం నడిచిపోతూనే ఉంటుంది.

పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి రాతపూర్వకంగా, సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. రాలేకపోవడానికి తగిన కారణం ఉందనిపిస్తే, ఆ కారణం కాగితం మీద రాసి కమిటీ మరో మూడు నెలలు ఇవ్వవచ్చు. అంతకు మించి పొడిగించే అధికారం దానికి లేదు.

ఈ గడువు ఎంత కఠినమో 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించింది. కోల్‌కతాలోని ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో పనిచేసే అధ్యాపకురాలు 2023 ఏప్రిల్‌లో జరిగిన సంఘటన గురించి అదే ఏడాది డిసెంబరులో ఫిర్యాదు చేశారు. అప్పటికి ఎనిమిది నెలలైంది. ఆ తర్వాత తనను ఒక పదవి నుంచి తప్పించడం కూడా వేధింపులో భాగమేనని ఆమె వాదించారు. అది పరిపాలనా చర్య, లైంగిక వేధింపు కాదని కోర్టు అంది. గడువు దాటిందని ఫిర్యాదును తోసిపుచ్చడం సరైనదేనంది. న్యాయశాస్త్రం చెప్పే చోటే ఇలా జరిగితే, బట్టల షాపులో బిల్లులు రాసే అమ్మాయి సంగతేమిటి?

ఆ అమ్మాయినే ఉదాహరణగా తీసుకుందాం. షాపులో 30 మంది ఉన్నారు. జనవరి 8న స్టోరు రూములో మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ నెల 25న రాత్రి ఫోనుకు అసభ్యమైన మెసేజీ పంపాడు. మార్చి 4న "జీతం పెరగాలంటే నా మాట వినాలి" అన్నాడు. ఇవన్నీ ఒక వరుసలోవి కాబట్టి గడువు మార్చి 4 నుంచి మొదలవుతుంది, అంటే జూన్ మొదటి వారం దాకా. ఒక్క జనవరి 8 సంగతే అయితే ఏప్రిల్ మొదటి వారంతో సరి. అందుకే తేదీ, వేళ, చోటు, అక్కడున్నవాళ్ళ పేర్లు ఏ రోజువి ఆ రోజే రాసి పెట్టుకోవాలి. మెసేజీలు అసహ్యమేసినా చెరిపెయ్యకూడదు.

ఫిర్యాదు ఆరు కాపీలు ఇవ్వాలి. సాక్షుల పేర్లు, చిరునామాలు జతచెయ్యాలి. తనంతట తాను రాయలేకపోతే రాయడానికి సాయం చెయ్యడం కమిటీ బాధ్యత. ఒక కాపీ 7 పనిదినాల్లో మేనేజరుకి వెళుతుంది. అతను 10 పనిదినాల్లో జవాబివ్వాలి. తర్వాత ఇద్దరి మాటా, సాక్షుల మాటా వింటారు. అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులు కూర్చోవాలి. ఏ పక్షానికీ వకీలు ఉండడు. విచారణ 90 రోజుల్లో ముగించి, ఆపైన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. యజమాని 60 రోజుల్లో దాని మీద చర్య తీసుకోవాలి.

ఈలోగా రోజూ అతని ఎదుటే పనిచెయ్యడం ఎలా? ఆమె రాసి అడిగితే, బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ కమిటీ సిఫారసు చేయవచ్చు. ఈ సెలవు మామూలు సెలవుల్లోంచి కొట్టెయ్యరు. ఇది చాలామందికి తెలియక ఉద్యోగమే మానేస్తుంటారు.

ఇంకొక చోట జాగ్రత్త కావాలి. "పోనీలే, క్షమాపణ చెప్పిస్తాం" అని కమిటీయే రాజీకి తొందరపెడితే అది తప్పు. రాజీ ఆమె కోరితేనే జరగాలి, డబ్బు ముట్టచెప్పి చెయ్యకూడదు. రాజీ కుదిరితే ఇక విచారణ ఉండదని తెలుసుకునే సంతకం పెట్టాలి.

రుజువు చేయలేకపోతే తననే శిక్షిస్తారేమోనన్న భయం చాలామందిది. రుజువు కాకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు. మొదటిదానికి శిక్ష లేదని చట్టంలోనే రాసి ఉంది.

10 మంది కన్నా తక్కువ ఉన్న చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. పోలీసు కేసు వేరే దారి, దానికి ఈ మూడు నెలల లెక్క వర్తించదు. కానీ కమిటీ తలుపు తట్టాలనుకుంటే, పై అధికారికి చెప్పిన రోజే కాగితం కూడా రాయండి. కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.