పచ్చ లైటు చాలదు
కాలర్ మైకు, రిసీవర్ జత కలిసి లైటు నిలకడగా వెలిగితే పాఠం బాగా రికార్డవుతుందనుకోవడం పొరపాటు. ఆ లైటు లింకు సంగతే చెబుతుంది, గొంతు పగులుతోందో లేదో చెప్పదు. క్లాసుకు ముందే మాస్టారిని వెనక బెంచీకి వినపడేంత గట్టిగా మాట్లాడించి, మీటరు −12 డెసిబెళ్లు దాటకుండా రిసీవర్ లెవెల్ తగ్గించాలి. కెమెరాలో ఆటో గెయిన్ ఆపేయాలి. అంత తగ్గిస్తే బుస్సుమనే హోరు పెరుగుతుందని కొందరి అభ్యంతరం. నిజమే, కానీ హోరును తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, పగిలిన మాటను బాగుచేయడం దాదాపు అసాధ్యం. మాట మధ్యమధ్య తెగిపోతుంటే మాత్రం లెవెల్‌ను తిప్పి లాభం లేదు. 2.4 గిగాహెర్ట్జ్ మైకుకు వైఫై ఒక అడ్డు, బోర్డువైపు తిరిగిన మాస్టారి ఒళ్లు అంతకంటే పెద్ద అడ్డు. అందుకే రిసీవర్‌ను గది వెనక కాకుండా బోర్డు పక్కన, రూటరుకు దూరంగా పెట్టాలి. రిసీవర్‌లోనూ బ్యాటరీ ఉండే రకమైతే, ట్రాన్స్‌మిటర్‌తో పాటు దాన్నీ నిండా ఛార్జి చేయాలి.