అమ్మ అడిగే మాటలోనే జవాబు రాద్దాం

హోసూరు వైపు మా ఇల్లులాంటివి చాలా ఉన్నాయి. మాట తెలుగు, చదువు తమిళం. మా అమ్మ గలగలా తెలుగు మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు చదవలేదు. ఇలాంటివాళ్లకి ఫోన్లో మైకు నొక్కి అడగడమే దారి. గూగుల్‌లో తెలుగులో మాట్లాడి వెతికే వీలు 2017లోనే వచ్చింది. అయినా అమ్మ అడిగినదానికి సరైన జవాబు రావడం తక్కువ. లోపం ఆమె తెలుగులో లేదు, పేజీలు రాసే తీరులో ఉందని నా అభిప్రాయం.

ఒక కాలేజీ అడ్మిషన్ పేజీ అనుకోండి. "స్నాతక కోర్సు ప్రవేశార్హతలు, దరఖాస్తు రుసుము" అని ఉంటుంది. అమ్మ అడిగేదేమో, "ప్లస్ టూలో తెలుగు చదవని పిల్ల బీఏ తెలుగులో చేరొచ్చా? ఎంత దుడ్డు కట్టాల?" అని. రెండింటికీ కలిసే మాట ఒక్కటీ లేదు!

నేనైతే "ప్లస్ టూలో తెలుగు చదవకపోయినా బీఏ తెలుగులో చేరొచ్చా?" అన్న ప్రశ్ననే శీర్షికగా పెడతాను. దాని కింద మొదటి వాక్యంలోనే పూర్తి జవాబు: "చదవకపోయినా చేరొచ్చు, ప్లస్ టూ పాసైతే చాలు." నియమం వేరైతే ఆ నియమమే. "కింది పట్టిక చూడండి" అంటే మాత్రం కుదరదు, వినేవాళ్లకి పట్టిక కనబడదు కదా. రుసుము దగ్గర "ఫీజు ఎంత దుడ్డు?" అని ఒక్కసారైనా రాయాలి.

ఇంకో చిక్కు పీడీఎఫ్‌లది. పాత అను ఫాంట్లతో చేసిన నోటీసు కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం పిచ్చిగీతలు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి మెసేజ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు రాకపోతే ఆ నోటీసు వెతుకులాటలో దొరకదు. యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.

అన్నిటికీ రాతనే తప్పుపట్టలేం. అడిగాక తెరమీద పడిన మాటలు చూడండి. మైకు వినే భాష తమిళంలో ఉంటే తెలుగు ప్రశ్న తమిళ అక్షరాల్లో ఏదోలా పడుతుంది. "దుడ్డు" వేరే మాటగా మారినా అంతే, అది వినడంలో పొరపాటు. మాటలు సరిగ్గా పడి జవాబు రాకపోతేనే పేజీ మార్చాలి.

ఇలా రాస్తే భాష పలచబడుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. "దరఖాస్తు రుసుము, అంటే అప్లికేషన్ ఫీజు" అని పక్కపక్కన పెడితే రెండూ బతుకుతాయి. జనం మాట రాతకెక్కాలని పోరాడిన గిడుగువారి పుట్టినరోజునే కదా మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం!

మన శాఖ అడ్మిషన్ నోటీసుతోనే మొదలుపెడదాం. ఒక్కొక్కరం ఇంట్లో ముగ్గుర్ని అడిగి, వాళ్ల ప్రశ్నల్ని దిద్దకుండా రాసుకొని తెద్దాం. శీర్షికలు అందులోంచే దొరుకుతాయి.