సంఘం మెయిల్ రాత్రికి ఎందుకు చేరుతోంది? తప్పు ఫోనుది కాదు, పద్ధతిది

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు తాలూకాల వాళ్ళమూ కలిసి ఉన్న సంఘం మనది. సమావేశం నోటీసులు, విద్యార్థి సహాయం దరఖాస్తుల గడువులు మెయిల్‌లోనే పంపుతున్నాం. "పొద్దున పంపారంట, మాకు రాత్రికి వచ్చింది" అన్న మాట ప్రతిసారీ వస్తోంది. కొందరేమో "మెయిల్ పెట్టుకుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది" అంటున్నారు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే సెట్టింగు నుంచి పుడుతున్నాయని మా అభిప్రాయం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఫోనుకు మెయిల్ చేరే దారులు మూడు. రైల్వే కౌంటర్‌లో కూర్చున్న వాళ్ళం కాబట్టి ఆ భాషలోనే చెప్తాం. బండి రాగానే మైకులో చెప్తే ప్రయాణికుడు లేచి వెళ్తాడు, అంతవరకు బెంచీ మీద కునుకు తీయొచ్చు. ఇది పుష్. పావుగంటకొకసారి లేచి కౌంటర్‌కు వచ్చి "బండి వచ్చిందా సార్?" అని అడిగి పోయేవాడున్నాడే, అది ఫెచ్. ఇంట్లోనే ఉండి, తీరిక దొరికినప్పుడు స్టేషన్‌కు వచ్చి చూసుకునేవాడిది మాన్యువల్.

ఫెచ్‌లో బ్యాటరీ ఎక్కడ పోతుందో చూడండి. పదిహేను నిమిషాలకోసారి అంటే గంటకు 4 సార్లు, రోజుకు 96 సార్లు. గంటకోసారి అయితే 24 సార్లే. మెయిల్ ఏమీ రాకపోయినా ఈ లెక్క మారదు. అడిగిన ప్రతిసారీ ఫోను నిద్ర లేచి, టవర్‌తో మాట కలిపి, సర్వర్‌ను అడగాలి. పని ఒక క్షణంలో ముగిసినా లోపలి రేడియో వెంటనే పడుకోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. ఖర్చంతా ఆ మేలుకోవడంలోనే ఉంది, తెచ్చిన ఉత్తరం బరువులో కాదు. మూడు మెయిల్ ఖాతాలుంటే ప్రతిసారీ మూడు సర్వర్లను అడగాలి. సిగ్నల్ సరిగా లేని ఊళ్ళల్లో టవర్‌ను అందుకోవడానికి ఫోను ఇంకా గట్టిగా అరవాలి. బాగేపల్లి గుట్టల పక్క పల్లెల్లో ఉన్నవాళ్ళ బ్యాటరీ, చిక్కబళ్ళాపురం టౌనులో ఉన్నవాళ్ళ బ్యాటరీ కంటే ముందే దిగిపోవడానికి ఇదొక కారణం.

మరి ఆలస్యం ఎంత? పదిహేను నిమిషాల ఫెచ్‌లో మెయిల్ ఎక్కువలో ఎక్కువ పావుగంట, సగటున ఏడున్నర నిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది. గంట ఫెచ్‌లో సగటున అరగంట. సమావేశం నోటీసుకు అరగంట ఆలస్యమైతే కొంప మునగదు. పది నిమిషాల్లో చెల్లిపోయే ఓటీపీ మెయిల్‌కు వస్తే మాత్రం దరఖాస్తు ఆగిపోతుంది.

పుష్ అంటే బ్యాటరీ తినేస్తుందని చాలామందికి భయం. మెయిల్ ఆప్ తనకంటూ సర్వర్‌కు సొంత లైను తెరిచి పట్టుకుని ఉంటే ఆ భయంలో కొంత నిజముంది. సిగ్నల్ పోయి వచ్చిన ప్రతిసారీ ఆ లైను మళ్ళీ కలపాలి. కానీ ఆండ్రాయిడ్‌లో జీమెయిల్ ఆప్‌కు వచ్చే జీమెయిల్ అలా రాదు. గూగుల్ ఫోనంతటికీ కలిపి ఒకే లైను పట్టుకుని ఉంటుంది, మిగతా ఆప్‌ల కబుర్లు కూడా దాని మీదే వస్తాయి. ఆ లైను ఎలాగూ ఉంది కాబట్టి జీమెయిల్ కూడా దాంట్లో వస్తే అదనపు ఖర్చు చాలా తక్కువ. కొత్త మెయిల్ లేనప్పుడు ఫోను ఊరికే లేవాల్సిన పనీ లేదు. అందుకే రోజుకు 96 సార్లు అడిగే ఫెచ్ కంటే ఇలాంటి పుష్ చౌక.

అసలు చిక్కు ఐఫోన్ వాళ్ళకు. ఫోనుతో పాటు వచ్చే మెయిల్ ఆప్‌లో జీమెయిల్ ఖాతా పెట్టుకుంటే దానికి పుష్ లేదు, ఫెచ్, మాన్యువల్ రెండే. ఒకప్పుడు గూగుల్ సింక్ అనే దారిలో పుష్ వచ్చేది. ఉచిత ఖాతాలకు కొత్తగా ఆ దారి ఇవ్వడం గూగుల్ 2013 జనవరి 30తో ఆపేసింది. ఐక్లౌడ్ ఖాతాకైతే అదే ఆప్‌లో పుష్ ఉంది. సెట్టింగ్స్‌లో మెయిల్ ఖాతాలు ఉన్నచోట Fetch New Data తెరిస్తే ఏ ఖాతాకు ఏ పద్ధతి ఉందో కనబడుతుంది.

ఆ పేజీ కిందనే Automatically అని ఒకటుంటుంది. పేరు చూసి "అదే చూసుకుంటుందిలే" అని వదిలేస్తాం. దాని అర్థం వేరే. ఫోను చార్జికి పెట్టి ఉండాలి, వైఫై కూడా తగిలి ఉండాలి, రెండూ ఉంటేనే అది తెర వెనక మెయిల్ తెస్తుంది. చింతామణి మార్కెట్‌కు టమాట వేసుకుని తెల్లారే బయల్దేరిన సభ్యుడొకాయన ఉన్నాడనుకోండి. పది గంటలకు సంఘం మెయిల్ పంపింది: రేపటి సమావేశం చింతామణిలో కాదు, చిక్కబళ్ళాపురంలో. ఆయన ఫోను పగలంతా జేబులో, మొబైల్ డేటా మీద ఉంది. ఆప్ తెరిస్తే తప్ప ఆ మెయిల్ రాదు. రాత్రి ఇంటికొచ్చి వైఫై తగిలి, చార్జికి పెట్టాకే మోగుతుంది. ఇంట్లో వైఫై లేని వాళ్ళకు ఆ మోత కూడా ఉండదు, వాళ్ళకది పేరుకే ఆటోమేటిక్, నడిచేది మాన్యువల్. లో పవర్ మోడ్ పెట్టినా ఇంతే, తెర వెనక ఫెచ్ ఆగిపోతుంది.

ఆండ్రాయిడ్ వాళ్ళూ ఒకటి గమనించాలి. జీమెయిల్ ఆప్‌లో వేరే కంపెనీ మెయిల్ ఖాతా కలుపుకుంటే అది పుష్ కాకపోవచ్చు. ఆ ఖాతా సెట్టింగ్స్‌లో Sync frequency అని ఉంటే అది ఫెచ్ అని అర్థం. అక్కడ పదిహేను నిమిషాలని పెట్టినా, ఫోను తెర ఆరిపోయి కదలకుండా పడి ఉంటే ఆండ్రాయిడ్ 6 నుంచి వచ్చిన డోజ్ అనే ఏర్పాటు ఆ అడగడాలను కూడబెట్టి, అప్పుడొకటి ఇప్పుడొకటిగా వదులుతుంది. పదిహేను నిమిషాలు గంట దాటిపోవచ్చు.

మీది ఏ రకమో తెలుసుకోవాలంటే ఒక పని చేయండి. వైఫై ఆపి, చార్జర్ తీసి, తెర ఆర్పి ఫోను పక్కన పెట్టండి. ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి, సబ్జెక్టులో టైము రాసి మీకు ఒక మెయిల్ పంపించండి. మోగేదాకా ఆప్ తెరవకూడదు, తెరిస్తే అది మాన్యువల్ చెక్ అయిపోయి పరీక్ష చెడుతుంది. నిమిషంలో మోగితే పుష్. పావుగంటకో గంటకో మోగితే ఫెచ్. అప్పటికీ మోగకపోతే Automatically లేదా మాన్యువల్ అనుకోండి, లేదా నోటిఫికేషన్ ఆపేసి ఉందేమో చూడండి.

మా అభిప్రాయం ఇది. అందరూ అన్నిటికీ పదిహేను నిమిషాలు పెట్టుకోవడం దండగ, అది బ్యాటరీనీ మిగల్చదు, ఓటీపీకీ అందదు. సంఘం మెయిల్ వచ్చే ఒక్క ఖాతాకు పుష్ పెట్టుకోండి. ఐఫోన్‌లో జీమెయిల్ అయితే జీమెయిల్ ఆప్ వేసుకుని నోటిఫికేషన్ ఇవ్వండి, ఫోను మెయిల్ ఆప్‌లో అదే ఖాతాను మాన్యువల్‌కు మార్చండి, లేకపోతే ఒకే ఉత్తరానికి రెండు ఖర్చులు. బ్యాంకు ప్రకటనలు, అమ్మకాల మెయిళ్ళు వచ్చే పాత ఖాతాలు మాన్యువల్‌లో ఉంటే నష్టమేమీ లేదు.

కార్యవర్గానికి కూడా ఒక మాట. ఇన్ని ఫోన్లలో ఇన్ని పద్ధతులు ఉన్నప్పుడు, పంపిన టైముకే అందరికీ తెలిసిపోయిందని లెక్క వేయకూడదు. మూడు రోజుల ముందు నోటీసు మెయిల్‌లో పంపొచ్చు. ఇరవై నాలుగు గంటల లోపు మార్పు ఉంటే మెయిల్‌ను రికార్డుకు పెట్టుకుని, తాలూకాకు ఒకరు చొప్పున ఫోను చేసి చెప్పాలి. గడువు తేదీ రోజు మెయిల్ ఆలస్యంగా చూసిన విద్యార్థి దరఖాస్తును ఆ ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదు. వచ్చే సమావేశంలో ఈ రెండు మాటలూ తీర్మానానికి పెట్టమని కోరుతున్నాం. మీ ఫోను మీద పరీక్ష చేసి, ఎన్ని నిమిషాలకు మోగిందో కింద రాయండప్పా. ఏ ఊళ్ళో ఎంత ఆలస్యమో మనకే తెలిసిపోతుంది.