రాయితీ దేని మీద?

ఏప్రిల్ వచ్చిందంటే మన్సూరాబాద్ కాలనీల్లో ఇంటి పన్ను ముచ్చట మొదలవుతుంది. నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ అని ‘ఎర్లీబర్డ్’ పేరుతో జీహెచ్‌ఎంసీ ఏటా ప్రకటిస్తూ వచ్చింది. వినడానికి ఎంతో తేటైన మాట. దాన్ని అలాగే సాఫ్ట్‌వేర్ రాసేవారి చేతిలో పెడితే ఏమవుతుందో చూద్దాం.

ఒక ఇంటికి ఈ ఏడాది పన్ను 6,000 రూపాయలు, పాత బకాయి 4,000 అనుకుందాం. ఇంటాయన పదివేలూ కట్టడానికి సిద్ధపడి, రాయితీ 500 వస్తుందని లెక్క వేసుకుంటాడు. పన్ను అంటే కట్టాల్సిన మొత్తమే కదా అనుకున్న డెవలపర్ కూడా 500 అనే రాస్తాడు. పన్ను విభాగం ఉద్యోగికి మాత్రం అది 300. రాయితీ ఈ ఏడాది పన్నుకే గానీ బకాయికి వర్తించదు. ఆయన రోజూ వాడే భాషలో పన్ను వేరు, బకాయి వేరు. అది అందరికీ తెలిసిందేనన్న నమ్మకంతో ఆయన విడమరచి చెప్పడు. తేడా ఉందనే తెలియక డెవలపర్ అడగడు.

బీఆర్‌డీ అని పిలిచే బిజినెస్ అవసరాల పత్రం పని ఇక్కడే మొదలవుతుంది. ఒక అవసరానికి ఒకే ఒక్క అర్థం రావాలని, పలు అర్థాలొచ్చే పదాన్ని పదకోశంలో నిర్వచించాలని సాఫ్ట్‌వేర్ అవసరాల కోసం 1998 నాటి ఐఈఈఈ 830 ప్రమాణం చెప్పింది. కాబట్టి ముందు ‘ఈ ఏడాది పన్ను’, ‘బకాయి’, ‘చెల్లించిన తేదీ’ అన్న మూడు మాటలకు అర్థం రాసుకోవాలి. ఆ తర్వాతే నియమం: ‘ఈ ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30లోగా చెల్లిస్తే, ఆ పన్నులో 5 శాతం తగ్గించాలి, బకాయిపై తగ్గింపు లేదు.’ దాని కిందే పై ఉదాహరణ: పన్ను 6,000, బకాయి 4,000, రాయితీ 300, కట్టాల్సింది 9,700.

నియమాన్ని ఎవరైనా తమకు తోచినట్టు చదవగలరు. 9,700ను మాత్రం అందరూ ఒకేలా చదువుతారు. రేపు ప్రోగ్రామ్‌ను పరీక్షించేటప్పుడు సరిచూడాల్సిన అంకె కూడా అదే.

అయినా ప్రశ్నలు మిగులుతాయి. 30వ తేదీ రాత్రి 11.58కి కట్టిన సొమ్ము మర్నాడు ఖాతాలో పడితే చెల్లించిన తేదీ ఏది? దీనికి జవాబు డెవలపర్ ఊహించకూడదు. ‘తేల్చాల్సి ఉంది’ అని రాసి, ఎవరు ఎప్పటిలోగా తేల్చాలో పక్కనే పెట్టాలి. అలా ఒప్పుకున్న ఖాళీ వల్ల నష్టం లేదు. ఎవరి ఊహతోనో నిండిన ఖాళీయే కౌంటర్ దగ్గర తగవవుతుంది.

సంతకాలకు ముందు మరొక్క పని ఉంది. డెవలపర్ పత్రాన్ని పక్కన పెట్టి, తనకు అర్థమైంది సొంత మాటల్లో చెప్పాలి. పన్ను ఉద్యోగి వినాలి. ఆయన ‘కాదండీ, బకాయికి రాయితీ ఉండదు’ అని ఆ గదిలోనే దిద్దితే, ఇంటాయనకు రెండు వందల తేడా రాదు.