సగం లెక్కకు పూర్తి జవాబా?

మొన్న ఓ తమ్ముడు ప్రాక్టీస్ లెక్క ఒకటి పెట్టాడు: "10,000 రూపాయలపై ఏటా 10 శాతం చక్రవడ్డీతో 2 సంవత్సరాలకు..." అంతే, చివరి ముక్క లేదు. వెంటనే ఒకరు 2,100 అన్నారు, ఇంకొకరు 12,100 అని వాదన. మొదటిది వడ్డీ, రెండోది మొత్తం. బారువడ్డీతో తేడా అడిగి ఉంటే జవాబు 100!

మనం ఊహించి జవాబు చెప్పొద్దు. ఏది అడిగినా పనికొచ్చే భాగం చేసి చూపిద్దాం: మొదటి ఏడాది చివర 11,000, దానిపై వడ్డీ 1,100, కలిపితే 12,100. తర్వాత "చివరి లైను, ఆప్షన్లు కూడా పెట్టు తమ్ముడూ" అని అడగాలి. ఆప్షన్లు మాత్రమే దొరికినా, వాటిలో 2,100, 12,100 రెండూ ఉంటే ఆగాల్సిందే. తొందరపడేవాళ్ల కోసం పేపర్ తయారుచేసేవాళ్లు అలాంటివి కావాలనే పెడతారు.