జీఎస్టీ లేట్ పేమెంట్: కట్టాల్సిన వడ్డీ రూ.1,775.. నోటీసులో రూ.17,753! తేడా ఎక్కడొస్తోంది?

జీఎస్టీ రిటర్న్ ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ కట్టాలి. ఈ విషయం వ్యాపారులందరికీ తెలుసు. అసలు గొడవ ఆ 18 శాతాన్ని ఏ మొత్తం మీద లెక్కగట్టాలన్న దగ్గర మొదలైంది. పన్ను మొత్తం మీదా? లేక ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పోగా జేబులోంచి నగదుగా కట్టే భాగం మీదా? చట్టం ఇప్పుడు సూటిగానే చెబుతోంది. అయినా నోటీసు అందుకున్న వ్యాపారి ముందుగా చూసుకోవాల్సిన లెక్క ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక హార్డ్‌వేర్ వ్యాపారి ఏప్రిల్ నెలలో రూ.50 లక్షల సరుకు అమ్మాడనుకుందాం. 18 శాతం చొప్పున జీఎస్టీ రూ.9 లక్షలు. అదే నెలలో తాను కొన్న సరుకు మీద అప్పటికే కట్టిన పన్ను, అంటే ఇన్‌పుట్ క్రెడిట్, రూ.8.10 లక్షలు ఉంది. ఇక చేతి నుంచి కట్టాల్సింది రూ.90 వేలు. మే 20లోగా జీఎస్టీఆర్-3బీ వేయాలి. రావాల్సిన బాకీలు రాక ఆ రూ.90 వేలు సర్దుబాటు కాలేదు. చివరికి జూన్ 29న రిటర్న్ వేశాడు. ఆలస్యం 40 రోజులు.

రూ.90 వేల మీద 40 రోజులకు వడ్డీ రూ.1,775. రూ.9 లక్షల మీద లెక్కేస్తే అదే వడ్డీ రూ.17,753. ఒకే తప్పు, అన్నే రోజులు.. వడ్డీ మాత్రం పది రెట్లు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. రూ.90 వేలు తక్కువైనంత మాత్రాన క్రెడిట్‌లో ఉన్న రూ.8.10 లక్షలనైనా ముందు కట్టేద్దామంటే పోర్టల్ ఒప్పుకోదు. పన్ను పూర్తిగా సర్దుబాటైతేనే 3బీ ఫైల్ అవుతుంది. అంటే కొంచెం డబ్బు తక్కువై మొత్తం రిటర్న్ ఆగిపోతుంది. వ్యాపారుల అసలు బాధ ఇదే.

తెలంగాణ హైకోర్టులో ఏం జరిగింది?

ఈ వివాదం పెద్దదైంది హైదరాబాద్ నుంచే. మేఘా ఇంజినీరింగ్ కేసులో సంస్థ 2017-18 కాలంలోని రిటర్నులు ఆలస్యంగా వేసింది. మొత్తం పన్ను సుమారు రూ.1,014 కోట్లు. అందులో క్రెడిట్ సుమారు రూ.968 కోట్లు. నగదుగా కట్టాల్సింది రూ.45 కోట్ల పైచిలుకు మాత్రమే. పోర్టల్ పాక్షిక చెల్లింపు తీసుకోదు కాబట్టి వడ్డీ ఆ నగదు భాగానికే పరిమితం కావాలని సంస్థ వాదించింది.

2019 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పు అధికారుల పక్షాన వచ్చింది. కోర్టు తర్కం ఇలా సాగింది. కొన్న సరుకు మీద కట్టిన పన్ను దానంతట అదే క్రెడిట్ అయిపోదు. రిటర్న్ వేసి క్లెయిమ్ చేస్తేనే క్రెడిట్ లెడ్జర్‌లోకి వస్తుంది. లెడ్జర్‌లోకి వచ్చాకే దాంతో పన్ను కట్టగలరు. రిటర్నే వేయనప్పుడు పన్నులో ఏ భాగమూ కట్టినట్టు కాదు కాబట్టి వడ్డీ మొత్తం మీద పడుతుంది. అప్పుడు చట్టంలో ఉన్న మాటల ప్రకారం చూస్తే ఈ వాదన కొట్టిపారేసేది కాదు. లోపమంతా చట్టం రాసిన తీరులోనే ఉంది.

ఆ సంగతి జీఎస్టీ కౌన్సిల్‌కూ తెలుసు. 2018 డిసెంబర్‌లోనే నగదు భాగం మీదే వడ్డీ అని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2019లో సెక్షన్ 50కి సవరణ చేసినా దాన్ని వెంటనే అమల్లోకి తేలేదు. ఈలోగా 2020 జనవరిలో మద్రాస్ హైకోర్టు రీఫెక్స్ ఇండస్ట్రీస్ కేసులో వ్యాపారుల వైపు తీర్పిచ్చింది. మరుసటి నెలలోనే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు నుంచి కింది అధికారులకు లేఖ వెళ్లింది.. మొత్తం పన్ను మీద లెక్కగట్టి దాదాపు రూ.46 వేల కోట్ల వడ్డీ వసూలు చేయమని! ఒక చేత్తో ఊరట ప్రకటించి, ఇంకో చేత్తో నోటీసులు పంపినట్టయింది.

2020 సెప్టెంబర్ 1 నుంచి సవరణ అమలైంది. పాత కాలం సంగతేంటని మళ్లీ గోల. చివరికి 2021 ఫైనాన్స్ చట్టంతో దాన్ని 2017 జూలై 1 నుంచే వర్తించేలా మార్చారు. అంటే జీఎస్టీ పుట్టిన రోజు నుంచే. 2022లో రూల్ 88బీ తెచ్చి లెక్కగట్టే పద్ధతి కూడా రాసిపెట్టారు. కాబట్టి మన హార్డ్‌వేర్ వ్యాపారి కట్టాల్సింది రూ.1,775 మాత్రమే.

అందరికీ వర్తించదు.. ఇక్కడే జాగ్రత్త

నగదు భాగం మీదే వడ్డీ అన్న మాట విని చాలామంది నిశ్చింతగా ఉంటున్నారు. కానీ ఈ ఊరట ఒక్క సందర్భానికే. ఒక నెల అమ్మకాలను అదే నెల రిటర్న్‌లో చూపించి, ఆ రిటర్న్‌ను ఆలస్యంగా వేస్తేనే వర్తిస్తుంది.

అదే వ్యాపారి ఏప్రిల్ రిటర్న్‌ను టైంకే వేశాడని, కానీ రూ.2 లక్షల బిల్లు ఒకటి మర్చిపోయాడని అనుకుందాం. దాని మీద పన్ను రూ.36 వేలు. ఆ బిల్లును జూన్ నెల రిటర్న్‌లో చూపించి జూలై 20న కట్టాడు. ఇది ఆలస్యంగా వేసిన రిటర్న్ కాదు, ముందు చూపించని అమ్మకం. రూల్ 88బీలో రెండో భాగం కిందకు వస్తుంది. క్రెడిట్‌తో కట్టినా సరే, రూ.36 వేల మొత్తం మీదా 61 రోజులకు దాదాపు రూ.1,083 వడ్డీ పడుతుంది. నిజాయితీగా చూస్తే, రిటర్నే వేయనివాడి కంటే టైంకు వేసి ఒక బిల్లు మరిచినవాడికి రూల్ కఠినంగా ఉండటం వింతే.

సెక్షన్ 73 లేదా 74 కింద, 2024-25 నుంచైతే 74ఏ కింద, ప్రొసీడింగ్స్ మొదలయ్యాక ఆ కాలం రిటర్న్ వేసినా ఈ ఊరట పోతుంది. రివర్స్ చార్జ్ పన్నును ఎలాగూ నగదుగానే కట్టాలి కాబట్టి అక్కడ తేడా ఉండదు.

2024 జూలైలో వ్యాపారులకు పనికొచ్చే ఇంకో మార్పు వచ్చింది. గడువులోగా క్యాష్ లెడ్జర్‌లో వేసి, రిటర్న్ వేసేదాకా కదపకుండా ఉంచిన డబ్బుకు వడ్డీ లేదు. మన వ్యాపారి మే 18నే రూ.60 వేలు జమ చేసి ఉంటే, మిగిలిన రూ.30 వేల మీదే వడ్డీ పడేది. అంటే దాదాపు రూ.592. పూర్తి డబ్బు లేకపోయినా ఉన్నంత ముందే జమ చేయడం ఇందుకే మంచిది.

నోటీసు వస్తే ఏం చూడాలి?

ముందుగా ఆ కాలానికి సంబంధించిన 3బీ తీసి 6.1 టేబుల్ చూడాలి. క్రెడిట్‌తో ఎంత కట్టారు, నగదుతో ఎంత కట్టారు అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. నోటీసులోని వడ్డీని 365తో గుణించి, ఆలస్యమైన రోజులతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 0.18తో భాగిస్తే అధికారి ఏ మొత్తం మీద లెక్కేశారో బయటపడుతుంది. రూ.17,753తో చేసి చూస్తే దాదాపు రూ.9 లక్షలే వస్తుంది. అది నగదు కాలమ్‌లోని అంకె కాదు, మొత్తం పన్ను అని వెంటనే తెలిసిపోతుంది.

డీఆర్‌సీ-01 నోటీసైతే డీఆర్‌సీ-06లో జవాబివ్వాలి. రిటర్న్ వేసిన తేదీ, 6.1 టేబుల్ కాపీ, క్యాష్ లెడ్జర్ స్టేట్‌మెంట్ జత చేసి, సెక్షన్ 50(1) ప్రొవైజో, రూల్ 88బీ(1) ప్రస్తావిస్తూ నగదు భాగం మీద లెక్క చూపాలి. నిజంగా కట్టాల్సిన వడ్డీని డీఆర్‌సీ-03 ద్వారా ముందే కట్టేస్తే, వివాదం ఆ పై మొత్తానికే మిగులుతుంది.