చాంతాడు గీసిన గాడి: భాషా దినోత్సవానికి ఒక పద్యం, ఒక పిలుపు



ఆగస్టు 29 మళ్ళీ వస్తోంది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టిన రోజు. మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న రోజు. మా సాహితీ బృందం ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఓపెన్ మైక్ పెడుతోంది. ఆ పిలుపు అందించడానికే ఈ నాలుగు మాటలు మొదలుపెట్టాను. అయితే పిలిచే ముందు పోయినేడు నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి. దానివల్ల ఒక మంచి పద్యం నిండు సభలో వినబడకుండా పోబోయింది.

పోయినేడు ఇంజనీరింగు చదివే ఒక కుర్రవాడు తాను రాసిన ఆటవెలది పట్టుకుని ముందురోజే నా దగ్గరికి వచ్చాడు. ఇదీ పద్యం:

చదువు రాని యవ్వ చాంతాడు గీసిన
గాడి చెరిగిపోదు గట్టురాతి
మీద, నీటి మరను మీటెడి మనమది
చదువ నేర్చుటెపుడు చదువులుండి

గణాలు సరిచూశాను. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి. అన్నీ కుదిరాయి. "బాగుంది నాయనా! యతి దగ్గర కాస్త ఊపిరి తీసుకో, పాదం చివర చక్కగా ఆగు, రాగం కలుపు" అని పెద్దరికంగా సలహా ఇచ్చి పంపాను.

అతను నేను చెప్పినట్టే చదివాడు. గొంతు మంచిది. చప్పట్లు మోగాయి. కార్యక్రమం అయ్యాక ఒకాయన అతన్ని పిలిచి, "పద్యం బాగుందయ్యా, కానీ మీద ఉన్న నీటి మర ఏమిటి? మేడమీది ట్యాంకు సంగతా?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. 'గట్టురాతి' దగ్గర ఆపించి, 'మీద నీటి మరను' అని కొత్త ఊపిరితో ఎత్తించింది నేనే. రాతి మీద ఉండవలసిన గాడి రాతిని వదిలిపోయింది. మర మేడ ఎక్కింది.

పద్యాన్ని ఇప్పుడు మామూలు వాక్యంగా చెప్పుకుందాం. చదువు రాని అవ్వ చాంతాడు గీసిన గాడి గట్టురాతి మీద చెరిగిపోదు. నీటి మరను మీటే మనం, ఇన్ని చదువులుండీ, దాన్ని చదవడం నేర్చేదెప్పుడు? ఇంతే. రెండు వాక్యాలు. మొదటి వాక్యం మూడో పాదంలో మొదటి మాట దగ్గర ముగుస్తుంది. అంటే పద్యం మొత్తంలో గట్టిగా ఆగవలసిన చోటు అదొక్కటే. 'గీసిన' అన్న తర్వాత ఆగితే ఏం గీసిందో తెలియదు. 'గట్టురాతి' తర్వాత ఆగితే అర్థం మారుతుంది. 'మనమది' తర్వాత ఆగితే 'అది' అన్న మాట గాలిలో వేలాడుతుంది. నేను ఆగమన్న మూడు పాదాంతాలూ ఆగకూడని చోట్లే.

నా పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందా అని ఆలోచించాను. రెండు కారణాలు తోచాయి.

మొదటిది, యతి అన్న మాటే. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. అక్కడ పదం విరగాలి. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి, వడి. పాదంలో మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ చెలిమి కుదిరితే చాలు, అక్కడ పదం ముగియాలన్న నియమం లేదు. మన కవులు యతిస్థానాన్ని సమాసాల నడుమ ఎన్నిసార్లు దాటించారో చెప్పనక్కరలేదు. పేరు ఒకటే కావడంతో విరామాన్ని తెచ్చి వడి మీద పెడుతున్నాం.

రెండో కారణం మన బడి. చిన్నప్పుడు మనకు పద్యం అంటే వేమన, సుమతి. ఉప్పునూ కర్పూరాన్నీ పోల్చిన వేమన పద్యం ఒక్కసారి గుర్తు చేసుకోండి. రెండూ చూపుకు ఒకటేనని ఒక పాదం, రుచి వేరని ఒక పాదం, మనుషుల్లోనూ అంతేనని ఒక పాదం, చివర మకుటం. ప్రతి పాదమూ తన మాట తాను ముగించుకుంటుంది. అలాంటి పద్యానికి పాదాంతంలో ఆగడం సహజం, ఆగితేనే అందం. ఆ అలవాటుతో తిక్కన సంభాషణ పద్యం దగ్గరికి వెళ్తే అక్కడ వాక్యం పాదం గట్టు దాటి పారుతూ ఉంటుంది. మనం మాత్రం ప్రతి గట్టు దగ్గరా ఆగి నిలబడతాం. ఈ కుర్రవాడి పద్యం నడిచిన తీరు వేమనది కాదు. అది నేను గమనించలేదు.

ఇక పద్యం గురించి. నాకు నచ్చినవి మూడు సంగతులు.

ఒకటి, 'చదువు'తో మొదలై 'చదువు'తోనే ముగియడం. మొదటి పాదంలో అవ్వకు అది లేదు. చివరి పాదంలో మనకు అది బహువచనంలో ఉంది. ఆ 'లు' ఒక్కటే ఎంత ఎత్తిపొడుస్తోందో చూడండి. అయినా కవి ఎవరినీ తిట్టలేదు. 'మనం' అని తననూ కలుపుకున్నాడు.

రెండు, 'గీసిన' అన్న క్రియ. గీయడం అంటే గీరుకుపోవడమూ అవుతుంది, గీత దిద్దడమూ అవుతుంది. తాడు రాయిని గీసింది అన్నప్పుడు మొదటి అర్థం. తర్వాత 'చదువ' అన్న మాట రాగానే ఆ గీత రాత అవుతుంది. పోలిక అని ఎక్కడా చెప్పలేదు, 'వలె' అనలేదు. క్రియే ఆ పని చేసింది. గిలక ఉన్న నూతికి ఈ గాడి పడదు. తాడు నేరుగా రాతి అంచు మీద రాసుకుంటూ ఏళ్ళ తరబడి పైకి వస్తే పడుతుంది. అంటే ఆ అవ్వ గిలక సుఖం కూడా ఎరగదు. ఆ సంగతి పద్యం చెప్పలేదు, గాడి చెప్పింది.

మూడోది 'చాంతాడు'. సభలో ఒక పెద్దమనిషి దీనికే అభ్యంతరం చెప్పారు. అది గ్రామ్యమనీ, 'చేంత్రాడు' అనాలనీ ఆయన వాదం. సరే, వేసి చూద్దాం. గణం చెడదు, రెండు గురువులు, ఒక లఘువు, అలాగే ఉంటుంది. కానీ యతి పోతుంది. 'చ'లోని అకారానికి ఆ, ఐ, ఔలతోనే మైత్రి. 'చే'లోని ఏకారం ఇ, ఈ, ఎల గుంపులోది. అంటే వాళ్ళింట్లో అవ్వ పలికిన మాటే ఇక్కడ ఛందస్సుకు సరిపోయింది, పుస్తకంలోని మాట సరిపోలేదు. గిడుగు వారి పుట్టినరోజున ఇంతకంటే తగిన సాక్ష్యం ఏముంటుంది? ఆయన పోరాటం ప్రధానంగా వచనభాష గురించి. పద్యాన్ని పడగొట్టమని ఆయన అనలేదు. కానీ మనుషులు మాట్లాడేది చెవితో విని నేర్చుకోవాలన్నది ఆయన బతికి చూపిన పద్ధతి. సవరల భాషకు రాత లేని రోజుల్లో సవరల నోట విని ఆ భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ అచ్చుకు తెచ్చిన మనిషి ఆయన. అవ్వ గాడిని చదవడం అంటే అదే.

సరే, పోయినేటి కథ పూర్తి చేస్తాను. ఆ 'మీది నీటి మర' ప్రశ్న విన్నాక నేను కుర్రవాడికి తప్పు ఒప్పుకున్నాను. వెళ్ళిపోతున్న వాళ్ళను నలుగురైదుగురిని ఆపి, "ఈసారి రాగం వద్దు, మీ అమ్మతో చెబుతున్నట్టు చెప్పు" అన్నాను. 'మీద' దాకా ఒకే ఊపిరిలో వచ్చి ఆగాడు. తర్వాత మెల్లగా మిగతాది అడిగాడు. నిజంగా అడిగాడు, ప్రశ్నలాగే. చప్పట్లు లేవు. చెప్పులు వేసుకుంటున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, "మా పుట్టింటి నూతికీ గిలక లేదు నాయనా. గాడిలో నా చిటికెనవేలు పట్టేది" అన్నారు. పద్యం చేరవలసిన చోటికి చేరిందని అప్పుడు తెలిసింది.

రాగం వద్దని నా వాదం కాదు. పద్యనాటకంలో ఆలాపన అందమే. అక్కడ కథ అందరికీ ముందే తెలుసు, రాయబారం దేనికో కొత్తగా చెప్పనక్కరలేదు. కొత్త పద్యానికి ఆ వెసులుబాటు లేదు. శ్రోత దాన్ని మొదటిసారి వింటున్నాడు, చేతిలో కాగితం లేదు. ముందు అర్థం అందాలి, తర్వాత రాగం. నా అభిప్రాయం ఇదే, దీన్నే ఈ ఏటి ఓపెన్ మైక్‌కు నియమం చేయమని మా వాళ్ళను ఒప్పించాను.

కనుక, 29 సాయంత్రం ఆరు గంటలకు, పోయినేడు కలిసిన గ్రంథాలయం మేడమీదే. ఒక్కొక్కరికి ఒకే పద్యం, నాలుగు నిమిషాలు. మీదైనా సరే, మీకు నచ్చిన పాతదైనా సరే. రెండుసార్లు చదవాలి. మొదటిసారి వాక్యం నడిచినట్టు, మాట్లాడే గొంతుతో. రెండోసారి మీ ఇష్టం, ఉత్పలమాలను మోహనలో పాడినా వింటాం. రెంటికీ మధ్య కఠినపదాలు ఒకటో రెండో ఉంటే చెప్పండి. ముందుగా తాత్పర్యం చెప్పేయకండి. పద్యానికి చెప్పడానికి ఏమీ మిగలదు.

వచ్చే ముందు ఒక చిన్న పని చేయండి. పద్యాన్ని పాదాలుగా కాక వచనంలా ఒకే వరుసలో రాసుకోండి. అర్థం ఆగిన చోట పెన్సిలుతో నిలువు గీత పెట్టండి. మా కుర్రవాడి పద్యంలో పెద్ద గీత ఒక్కటే పడుతుంది, 'మీద' తర్వాత. మీ పద్యంలో గీతలన్నీ పాదాంతాల్లోనే పడితే నిశ్చింతగా అక్కడే ఆగండి. పడకపోతే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ గీతలే చెబుతాయి. మైకు నోటికి జానెడు దూరంలో ఉంచండి. 'ప', 'భ'లు మరీ దగ్గరైతే పేలుతాయి, దూరమైతే పాదంలోని చివరి లఘువు ఎవరికీ వినబడదు.

కుర్రవాడు ఈసారీ వస్తున్నాడు. కొత్త పద్యం రాశాడట. నాకు చూపించలేదు. మంచి పనే చేశాడు.

మీరూ రండి. నేను చెప్పినదాంతో పేచీ ఉన్నవాళ్ళు తప్పకుండా రండి. పాదాంతంలో ఆగి కూడా ఈ పద్యాన్ని నిలబెట్టగలమంటే వినడానికి నేను ముందు వరసలోనే కూర్చుంటాను.